రెండంతస్తుల బడికి లోడ్ బేరింగ్ గోడ: కిటికీల మధ్య ముక్కను లెక్కించి నోట్ రాయడం ఎలా

కాలమ్‌లు లేకుండా, గోడల మీదే స్లాబు వేసే బడి భవనానికి డిజైన్ నోట్ రాయమంటే చాలామంది ముందు గోడ మందం రాసి, తర్వాత దానికి సరిపోయేలా లెక్క చూపిస్తారు. "తొమ్మిదంగుళాల గోడ, రెండంతస్తులు, ఓకే" అని ఒక వాక్యంలో ముగించిన నోట్లు ఎన్నో కనిపిస్తాయి. తొమ్మిదంగుళాల గోడ రెండంతస్తులు మోయగలదన్నది చాలావరకు నిజమే. కానీ తరగతి గదికి కిటికీలు పెట్టాక గోడ మొత్తం మోయదు, కిటికీల మధ్య మిగిలిన ముక్క మోస్తుంది. దాన్నే పియర్ అంటాం. నోట్‌లో లెక్క చూపించాల్సింది ముఖ్యంగా ఆ పియర్‌కే.

విజయవాడ ప్రాంతంలో కట్టే ఒక మామూలు బడిని తీసుకుని మొత్తం లెక్క చేద్దాం. గది లోపలి కొలత 7.2 మీ. పొడవు, 6.0 మీ. వెడల్పు. 7.2 మీటర్ల గోడల్లో ఒకటి వెనక వైపు, ఇంకొకటి వరండా వైపు. గది మధ్యలో అడ్డంగా ఒక బీమ్, ఆ బీమ్‌కీ అడ్డగోడలకీ మధ్య 3.6 మీ. స్పాన్‌తో 130 మి.మీ. స్లాబు. ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కు 3.6 మీ. గోడ 230 మి.మీ., 7.5 ఎంపీఏ ఫ్లైయాష్ ఇటుక, 1:4 సిమెంటు మాలు. ప్లింత్ కింద గోడ 345 మి.మీ. మందం, దాని మీద ఆర్‌సీసీ ప్లింత్ బ్యాండ్.

ముందు ఎలివేషన్ గీయండి

ప్లాన్ చూసి లెక్క మొదలుపెట్టకండి. వెనక గోడను నిలబెట్టి గీయండి. కిటికీలు, లింటెల్ మట్టం, సిల్ మట్టం, బీమ్ వచ్చి కూర్చునే చోటు, ఇవన్నీ ఒకే బొమ్మలో కనబడాలి.

ఆర్కిటెక్ట్ దగ్గర నుంచి వచ్చిన బొమ్మలో 1.5 మీ. వెడల్పు, 1.5 మీ. ఎత్తు కిటికీలు మూడు ఉన్నాయనుకుందాం. పిల్లలకు వెలుతురు, గాలి బాగా రావాలి కాబట్టి అది సహజమే. గీయగానే మొదటి సమస్య కనబడుతుంది: మూడు కిటికీలు సమానంగా పెడితే మధ్య కిటికీ సరిగ్గా బీమ్ కిందికి వస్తుంది. గదిలో అతి పెద్ద బరువు లింటెల్ మీద పడుతుంది.

రెండో సమస్య భూకంప కోడ్‌లో ఉంది. ఐఎస్ 1893 (2016) పటం ప్రకారం విజయవాడ జోన్ 3. బడి ముఖ్యమైన భవనం కింద లెక్క కాబట్టి, ఐఎస్ 4326 ప్రకారం అది మామూలు ఇల్లు ఉండే సి కేటగిరీలో కాకుండా డి కేటగిరీలో పడుతుంది. డి కేటగిరీలో రెండంతస్తుల భవనానికి, రెండు అడ్డగోడల మధ్య పొడవులో ఓపెనింగ్‌ల మొత్తం వెడల్పు 0.42 వంతు మించకూడదు. గది మూల నుంచి ఓపెనింగ్ కనీసం 450 మి.మీ. దూరంలో ఉండాలి. రెండు ఓపెనింగ్‌ల మధ్య కనీసం 560 మి.మీ. గోడ ఉండాలి. మూడు కిటికీలంటే 4.5 మీ., దాన్ని 7.2తో భాగిస్తే 0.63. అస్సలు కుదరదు. ఇదే బడి హైదరాబాద్‌లో కడితే జోన్ 2, సి కేటగిరీ. అక్కడ పరిమితి 0.46. అక్కడా కుదరదు.

మూడో సమస్య ఇంకా లోతైనది. మూలల్లో చెరో 450 మి.మీ. వదిలితే కిటికీల మధ్య రెండు పియర్‌లు మిగులుతాయి, ఒక్కొక్కటి 0.9 మీ. ఐఎస్ 1905 (1987) ప్రకారం మందానికి నాలుగు రెట్లకు మించని పొడవున్న ముక్క గోడ కాదు, కాలమ్. 230కి నాలుగు రెట్లు 920. మన పియర్ 900. అంటే 20 మి.మీ. తేడాతో అది కాలమ్ అయిపోయింది, నియమాలన్నీ మారిపోయాయి. గోడకు స్లెండర్‌నెస్ పరిమితి 27 అయితే కాలమ్‌కు 12 మాత్రమే. కిటికీల మధ్య ఇలాంటి కాలమ్‌కు, పైన పూర్తి పట్టు ఉన్నప్పుడు, గోడకు లంబ దిశలో ఎఫెక్టివ్ ఎత్తు ఇలా తీసుకోవాలి:

```
he = 0.75 H + 0.25 H1
   = 0.75 × 3.6 + 0.25 × 1.5 = 3.075 m
he / t = 3.075 / 0.23 = 13.4  > 12
```

ఇందులో H అంటే పైకీ కిందికీ ఆధారాల మధ్య ఎత్తు, H1 అంటే పక్కనున్న ఓపెనింగ్‌లలో ఎత్తైనదాని ఎత్తు. బరువులు లెక్కించక ముందే ఆ బొమ్మ పనికిరాదని తేలిపోయింది. అందుకే ఎలివేషన్ ముందు గీయమన్నది.

రెండు కిటికీలకు తగ్గిద్దాం. 3.0ని 7.2తో భాగిస్తే 0.417, పరిమితికి సరిగ్గా లోపల. మూల 1.2, కిటికీ 1.5, మధ్య పియర్ 1.8, కిటికీ 1.5, మూల 1.2 మీ. బీమ్ ఇప్పుడు పియర్ మధ్యలో కూర్చుంటుంది. 1.8 మీ. మందానికి దాదాపు ఎనిమిది రెట్లు, కాబట్టి ఇది గోడే.

స్లెండర్‌నెస్: పట్టు ఎక్కడుందో చూసి ఎత్తు కొలవండి

స్లెండర్‌నెస్ రేషియో అంటే ఎఫెక్టివ్ ఎత్తును గాని, ఎఫెక్టివ్ పొడవును గాని మందంతో భాగించగా వచ్చేది. రెండింటిలో తక్కువ వచ్చినదే లెక్కలోకి వస్తుంది. మన గోడకు అడ్డగోడల మధ్య పొడవు 7.2 మీ. కాబట్టి పొడవు వల్ల వచ్చే లాభం లేదు. ఎత్తే నిర్ణయిస్తుంది.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. స్లాబు స్పాన్ వెనక గోడకు సమాంతరంగా ఉంది కదా, బరువు ప్రధానంగా ఆ గోడ మీద పడదు కదా, మరి గోడకు పైన పట్టు ఉందని ఎలా అనుకోవాలి? ఆర్‌సీసీ స్లాబు గోడ మీద కనీసం 90 మి.మీ. కూర్చుంటే, స్పాన్ ఏ దిశలో ఉన్నా పూర్తి పట్టుగానే తీసుకోవచ్చని కోడ్ చెబుతుంది. స్లాబు అంచును గోడ దాకా తెచ్చి ఆపేస్తే మాత్రం ఆ హక్కు ఉండదు. బొమ్మలో స్లాబు గోడ మీదికి ఎంత వస్తుందో స్పష్టంగా రాయండి.

పైనా కిందా పూర్తి పట్టు ఉంటే ఎఫెక్టివ్ ఎత్తు 0.75 H. అంటే 2.7 మీ. 0.23తో భాగిస్తే 11.7. మందంలో ప్లాస్టరింగ్ కలపకూడదు. కింది అంతస్తుకు H ఎక్కడి నుంచి కొలవాలన్నది కూడా ఆలోచించాలి. మన దగ్గర ప్లింత్ కింద గోడ మందంగా ఉంది, పైన బ్యాండ్ ఉంది కాబట్టి ప్లింత్ నుంచి కొలిచాం. 230 మి.మీ. గోడే నేరుగా పునాది దాకా దిగితే పునాది పైభాగం నుంచి కొలవండి. అప్పుడు ఎత్తు మీటరు దాకా పెరగొచ్చు, స్లెండర్‌నెస్ 15 దాకా పోతుంది.

వరండా వైపు గోడకు తలుపు ఉంటుంది. తలుపు 2.1 మీ. ఎత్తు, H లో సగం కంటే ఎక్కువ. అలాంటి ఓపెనింగ్ పక్కన గోడ అంచును, ఎఫెక్టివ్ పొడవు లెక్కించేటప్పుడు, ఆధారం లేని అంచుగానే చూడాలి. మన 1.5 మీ. కిటికీలకు ఆ బాధ లేదు.

బరువులు పియర్ దాకా దింపండి

తరగతి గదికి లైవ్ లోడ్ చ.మీ.కు 3.0 కిలోన్యూటన్లు, వరండాకు 4.0, ఎక్కగలిగే డాబాకు 1.5. స్లాబు సొంత బరువు 3.25, ఫినిషింగ్ ఫ్లోర్‌కు 1.0, రూఫ్‌కు 1.5 వేసుకుంటే ఫ్లోర్ మొత్తం 7.25, రూఫ్ మొత్తం 6.25. ప్లాస్టరింగ్‌తో కలిపి గోడ బరువు చ.మీ.కు 5.2 వేద్దాం.

బీమ్ మీద 3.6 మీ. వెడల్పు స్లాబు పడుతుంది. బీమ్ 230 × 450, స్పాన్ గోడల మధ్యగీతల దగ్గర 6.23 మీ. ఈ లెక్కన గోడ మీద ఫ్లోర్ బీమ్ రియాక్షన్ 87 కిలోన్యూటన్లు, రూఫ్ బీమ్‌ది 76. స్లాబు అంచు నుంచి అర మీటరు పట్టీ బరువు నేరుగా గోడకు కలపండి. పియర్ తన పొడవుతో పాటు రెండు పక్కలా సగం కిటికీల మీద ఉన్న గోడనూ మోస్తుంది. అంటే 1.8 కి 1.5 కలిపి 3.3 మీ. పిట్టగోడను మరచిపోకండి. 230 మి.మీ. మందం, 0.9 మీ. ఎత్తు పిట్టగోడ ఈ పియర్ మీద 15 కిలోన్యూటన్లు వేస్తుంది.

కింది అంతస్తు సిల్ మట్టం దగ్గర మొత్తం 280 కిలోన్యూటన్లు వస్తుంది. పియర్ వైశాల్యం 1.8 × 0.23 = 0.414 చ.మీ. ఒత్తిడి 0.68 ఎంపీఏ.

ఎక్సెంట్రిసిటీ: బరువు గోడ మధ్యలో పడదు

బీమ్ వంగినప్పుడు దాని చివర గదివైపు అంచు మీద ఎక్కువగా ఒరుగుతుంది. గోడ పూర్తి మందం మీద కూర్చున్నా, ఒత్తిడి లోపలి అంచు దగ్గర గరిష్ఠంగా, బయటి అంచు దగ్గర సున్నాగా ఉంటుందనుకోవడం జాగ్రత్తైన లెక్క. అప్పుడు బరువు లోపలి అంచు నుంచి మందంలో మూడో వంతు దూరంలో పనిచేస్తుంది. గోడ మధ్యగీత నుంచి చూస్తే t/6, అంటే 38 మి.మీ. ఐఎస్ 1905 అనుబంధంలో ఎక్సెంట్రిసిటీ గురించి మార్గదర్శకాలు ఉన్నాయి, వాటిని కూడా చూడండి. బడికి నేను t/6 కంటే తగ్గించను.

పై అంతస్తు నుంచి దిగే బరువు ఈ మట్టానికి వచ్చేసరికి మధ్యకు చేరిందని తీసుకోవడం వాడుకలో ఉంది. అందుకని ఈ ఫ్లోర్ బీమ్, స్లాబు పట్టీ బరువులకే (87 + 12 = 99) మొమెంట్ లెక్కిస్తాం. 99 × 0.038 = 3.8 కిలోన్యూటన్ మీటర్లు. ఫ్లోర్ కింద మొత్తం బరువు 248. మొమెంట్‌ను దానితో భాగిస్తే 15 మి.మీ. మందంలో ఇది 0.066 వంతు, అంటే 1/24 కి 1/12 కి మధ్య.

ఇప్పుడు అనుమతించే ఒత్తిడి. 7.5 ఎంపీఏ ఇటుక, 1:4 మాలుకు మూల విలువ 0.74 ఎంపీఏ. స్లెండర్‌నెస్ 12, ఎక్సెంట్రిసిటీ 1/12 వద్ద తగ్గింపు గుణకం `ks` 0.81. వైశాల్యం 0.2 చ.మీ. దాటింది కాబట్టి చిన్న వైశాల్యానికి వేసే తగ్గింపు లేదు. ఇటుక ఎత్తు దాని వెడల్పులో ముప్పావు వంతు లోపలే ఉంది కాబట్టి ఆకారానికి అదనంగా కలిసేదీ లేదు.

```
fb × ks = 0.74 × 0.81 = 0.60 MPa
P / A   = 280 / 0.414 = 0.68 MPa   > 0.60
```

ఫెయిల్. "తొమ్మిదంగుళాలు చాలు" అనే వాక్యం ఇక్కడ ఆగిపోయింది.

గోడ మందం పెంచే ముందు కిటికీ జరపండి

చాలామంది వెంటనే కింది అంతస్తు గోడను 345 చేస్తారు. దానికి ముందు ఎలివేషన్ మళ్లీ చూడండి. మూలల్లో 1.2 మీ. గోడ ఉంది, దాని మీద పెద్ద బరువేమీ లేదు. కనీసం కావాల్సింది 0.45. రెండు కిటికీలనూ చెరో 0.3 మీ. మూలల వైపు జరపండి. మూల 0.9, మధ్య పియర్ 2.4 మీ. అవుతుంది. గదిలోకి వచ్చే వెలుతురు అంతే ఉంటుంది.

పియర్ మీద గోడ బరువు కొంచెం పెరిగి మొత్తం 307 కిలోన్యూటన్లు అవుతుంది. వైశాల్యం 0.552 చ.మీ. ఒత్తిడి 0.56 ఎంపీఏ. 0.60 లోపలికి వచ్చింది, పైసా ఖర్చు లేకుండా.

ఇక్కడే ఆగిపోవద్దు. బీమ్ బరువు ఒక చోట పడి కింద మెల్లగా విచ్చుకుంటుంది, నిలువుకు 30 డిగ్రీల కంటే ఎక్కువ కోణంలో విచ్చుకుంటుందని లెక్కించకూడదు. బీమ్ కింద 900 మి.మీ. పొడవు, 300 మి.మీ. లోతు ఆర్‌సీసీ బెడ్ బ్లాక్ పెట్టారనుకోండి. లింటెల్ మట్టానికి వచ్చేసరికి ఆ 87 కిలోన్యూటన్లు దాదాపు 1.4 మీ. మీదికే విస్తరిస్తాయి. అక్కడ ఒత్తిడి 0.63. మళ్లీ 0.60 దాటింది. సిల్ దగ్గర బాగున్న గోడ లింటెల్ దగ్గర బాగాలేదు. ఒకే మట్టంలో చెక్ చేసిన నోట్ దీన్ని పట్టుకోలేదు.

ఈ దశలో నేనైతే కింది అంతస్తుకు 10 ఎంపీఏ ఇటుక రాస్తాను. 1:4 మాలుతో మూల విలువ 0.96, దాన్ని 0.81తో గుణిస్తే 0.78. లింటెల్ దగ్గర 0.63 హాయిగా లోపల ఉంటుంది. మొమెంట్ వల్ల వచ్చే వంపు ఒత్తిడి మరో 0.18, మొత్తం 0.81. ఎక్సెంట్రిసిటీ 1/24 దాటి 1/6 లోపల ఉన్నప్పుడు ఇలా కలిపిన ఒత్తిడికి కోడ్ 25 శాతం ఎక్కువ అనుమతిస్తుంది, అంటే 0.97. సరిపోతుంది. బట్టీ మారితే ఇటుక బలం మారుతుంది. అందుకే ప్రతి లోడులోంచి శాంపిల్స్ తీసి ఐఎస్ 3495 పరీక్ష చేయించాలని కూడా నోట్‌లోనే రాయండి. 10 అని రాసి 7.5 ఇటుక పెట్టిన గోడ బయటికి ఒకేలా కనబడుతుంది.

పై అంతస్తును తేలిగ్గా తీసుకోకండి

పై అంతస్తులో బరువు తక్కువ కాబట్టి లెక్క అక్కర్లేదనిపిస్తుంది. ఎక్సెంట్రిసిటీ విషయంలో అది సరిగ్గా తిరగబడుతుంది. కింద, పై నుంచి దిగే బరువు గోడను నొక్కి పట్టి ఉంచుతుంది. పైన ఆ నొక్కు లేదు. రూఫ్ బీమ్, స్లాబు పట్టీ కలిపి 88, పిట్టగోడతో 106 కిలోన్యూటన్లు. మొమెంట్ 3.4. భాగిస్తే 32 మి.మీ., మందంలో 0.14 వంతు. t/6 కి దగ్గరగా వచ్చేశాం. గోడ బయటి ముఖం మీద ఇంకా కొద్దిగా నొక్కుడే మిగిలింది, 0.03 ఎంపీఏ.

ఇప్పుడు సైట్‌లో తరచూ జరిగే పని ఒకటి ఊహించండి. బయటికి స్లాబు అంచు కనబడకూడదని బయట ఒక వరస ఇటుక నిలబెట్టి, బీమ్‌నూ స్లాబునూ గోడ మందంలో సగం, అంటే 115 మి.మీ. మీదే ఆపుతారు. బరువు గోడ మధ్య నుంచి 38 బదులు 77 మి.మీ. దూరంలో పడుతుంది. ఎక్సెంట్రిసిటీ రెట్టింపై 0.28 వంతుకు చేరుతుంది. బయటి ముఖం మీద నొక్కుడు పోయి 0.13 ఎంపీఏ లాగుడు వస్తుంది. ఇటుక జాయింట్ అంత లాగుడును నమ్మకంగా భరించదు. స్లాబు కింద బయటివైపు జాయింట్ వెంట అడ్డపగులు వస్తుంది, వానాకాలంలో అందులోంచి నీరు దిగుతుంది. డాబా ఎండకు వ్యాకోచించినా అక్కడే పగులు వస్తుంది కాబట్టి చాలాసార్లు నెపం ఎండ మీదికే పోతుంది. స్లాబు గోడ మీద ఎంత కూర్చుందో ఒక చోట ప్లాస్టర్ తీసి చూస్తే తేలిపోతుంది. బొమ్మలో "బేరింగ్: గోడ పూర్తి మందం" అని పెద్ద అక్షరాల్లో రాయండి.

వరండా గోడకు రెండు వైపులా బరువులు ఉంటాయి కాబట్టి మొమెంట్లు కొంత రద్దవుతాయి. అలా రద్దు చేసేటప్పుడు వరండా లైవ్ లోడ్‌ను సున్నాగా పెట్టండి. పిల్లలందరూ గదిలో ఉండి వరండా ఖాళీగా ఉండే సమయమే బడిలో ఎక్కువ.

నోట్‌లో ఓపెనింగ్‌ల గురించి రాయాల్సిన చివరి షరతులు

డి కేటగిరీకి ప్లింత్, లింటెల్ బ్యాండ్‌లు గోడలన్నిటి మీదుగా ఎక్కడా తెగకుండా సాగాలి. మూలల్లో, గోడల కూడళ్లలో నిలువు కడ్డీలు ఉండాలి. ఆర్‌సీసీ స్లాబు గోడల మీద పూర్తిగా కూర్చుంటే రూఫ్ మట్టంలో వేరే బ్యాండ్ అక్కర్లేదు. పైన చేసిన లెక్కంతా నిలువు బరువులకు మాత్రమే. భూకంప బలాలకు గోడల షియర్ లెక్క ఈ నోట్‌కు పక్కనే విడిగా ఉండాలి.

పియర్‌లో ఎలక్ట్రికల్ పైపుల కోసం కొట్టే గాడి గురించి ఒక పంక్తి తప్పకుండా పెట్టండి. అడ్డగాడి లోతు మందంలో ఆరో వంతు, అంటే 38 మి.మీ. మించకూడదు. నిలువుగాడి మూడో వంతు మించకూడదు. ఈ పియర్‌లో అడ్డగాడి అసలు వద్దనే రాయండి. గదివైపు 38 మి.మీ. పోతే మిగిలిన గోడ మధ్యగీత బయటికి 19 మి.మీ. జరుగుతుంది. బీమ్ బరువు లోపలి వైపే పడుతోంది కాబట్టి, ఇంత సేపు లెక్కించిన 15 మి.మీ. ఎక్సెంట్రిసిటీకి ఆ 19 తోడై రెట్టింపు దాటుతుంది. స్విచ్ బోర్డులను 0.9 మీ. మూల ముక్కల్లోకి మార్చమని ఎలక్ట్రికల్ బొమ్మ మీద గుర్తు పెట్టి పంపండి.

కట్టాక చూడాల్సినవి మూడు చోట్ల ఉంటాయి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగులు కనబడితే లింటెల్ బ్యాండ్ తెగిందా, పునాది కుంగిందా అని చూడాలి. బీమ్ కింద నిలువుగా దిగే సన్నని పగులు అయితే బెడ్ బ్లాక్ పెట్టలేదని గాని, ఇటుక బలం చాలలేదని గాని అర్థం. అది పొడవు పెరుగుతుంటే గదిని ఖాళీ చేయించి, బీమ్ కింద ప్రాప్స్ పెట్టించి, తర్వాతే కారణం వెతకండి. పై స్లాబు కింద అడ్డపగులు సంగతి ముందే చూశాం.

తర్వాత ఎవరైనా ఇంకో కిటికీ కావాలనో, ఇంకో తలుపు తీయాలనో అనుకుంటే ఏ గోడలో ఎంత వీలుందో నోట్‌లోనే ఉండాలి. వెనక గోడలో 3.0 మీ. అయిపోయింది, ఇక వీలు లేదు. వరండా గోడలో 1.2 మీ. తలుపు, 1.5 మీ. కిటికీ పోను మిగిలింది 0.3 మీ. మాత్రమే, అది తలుపుకు చాలదు. ఈ రెండు అంకెలనూ ఎలివేషన్ బొమ్మ మీద, ఆ గోడల పక్కనే రాసి బడికి ఒక కాపీ ఇవ్వండి.